తులసి కషాయం: ఒకే గిన్నె కాచి ఇంట్లో ఎవరికి ఎంత ఇవ్వాలి

కార్తీకం దాటి మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి మొదలయ్యేసరికి మా పర్లాకిమిడిలో ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి జలుబు చేస్తుంది. అప్పుడు పెరట్లోని తులసి ఆకులు కోసి, పెద్ద గిన్నెలో మిరియాలు, అల్లం వేసి, నీళ్లు సగానికి ఇంకేవరకు మరిగించి, ముసలివారికీ పిల్లలకూ అదే గ్లాసుతో పోయడం మన తెలుగు ఇళ్లలోనూ, పక్కనున్న ఒడియా ఇళ్లలోనూ కనిపించే అలవాటు. తులసిని నేనూ నమ్ముతాను, ప్రతి చలికాలం వాడుతాను. అయితే ఆ గిన్నె దగ్గర రెండు పొరపాట్లు తరచుగా జరుగుతున్నాయి. ఆకును అతిగా మరిగించి దానిలోని మంచిని ఆవిరిగా పోగొట్టడం ఒకటి. ఒకే మోతాదును అందరికీ ఇవ్వడం రెండోది. ఈ రెండూ సరిచేసుకునే పద్ధతిని, గత మార్గశిరంలో మా ఇంట్లో నలుగురికి వరుసగా జలుబు చేసినప్పుడు నేను చేసినదాన్ని ఉదాహరణగా తీసుకుని, ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా కషాయం ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో చెప్పాలి. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, సాధారణంగా వారం నుంచి పది రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది, దగ్గు మాత్రం కొందరికి రెండు వారాలు దాటి కూడా సాగుతుంది. కషాయం ఆ వైరస్‌ను చంపుతుందనడానికి మనుషుల మీద జరిగిన గట్టి పరీక్షలు లేవు. తులసి మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి. వేడి ద్రవం గొంతు మంటను తగ్గిస్తుంది, ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తుంది, చిక్కబడిన కఫం కదలడానికి తోడ్పడుతుంది. అల్లం, తేనె కలిస్తే ఆ ఉపశమనం ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. కషాయాన్ని ఉపశమనం కోసమే తాగుతున్నామని గుర్తుంచుకుంటే, జలుబు తగ్గలేదని కప్పు మీద కప్పు తాగే ఆత్రం ఉండదు.

ఆకును ఎంచుకోవడం

పచ్చని ఆకుల లక్ష్మీతులసి అయినా, ఊదారంగు కాడల కృష్ణతులసి అయినా పనికి వస్తుంది. కృష్ణతులసి కాస్త ఘాటుగా ఉంటుంది కాబట్టి ఆకులు రెండు మూడు తగ్గించి వేసుకోవచ్చు. సంతలో మొక్క కొన్నవారు అది తులసేనా, సబ్జా గింజల మొక్కా అన్నది ఒకసారి చూసుకోవాలి. సబ్జా ఆకు నున్నగా మెరుస్తూ కొంచెం వెడల్పుగా ఉంటుంది. తులసి ఆకు మీద, లేత కాడల మీద సన్నని నూగు ఉంటుంది, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, నలిపితే లవంగాన్ని తలపించే వాసన వస్తుంది. లవంగంలో ఉండే యూజినాల్ అనే సుగంధ తైలమే తులసిలోనూ ఉండడం ఆ వాసనకు కారణం. ఈ తైలం వేడికి త్వరగా ఎగిరిపోతుంది, కాచే పద్ధతి అంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

పూజ చేసే తులసికోటలోని మొక్క ఆకును మందుకు వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రోజూ పసుపు, కుంకుమ, దీపపు నూనె పడే చోట ఆకు పైపైన కడిగితే శుభ్రపడదు, ఈ రోజుల్లో బజారు కుంకుమలో ఏ రంగులు కలుస్తున్నాయో మనకు తెలియదు. పెరట్లో వేరే కుండీలో రెండో మొక్కను పెంచుకుంటే పూజకు పూజ, మందుకు మందు. ఆకులు ముడుచుకుని, అడుగున నల్లని చుక్కలు కనిపిస్తే పురుగు పట్టినట్టు. అలాంటి ఆకును, పురుగుమందు కొట్టిన మొక్క ఆకును వాడకూడదు.

సాయంత్రం దాటాక, ఏకాదశి ద్వాదశి దినాల్లో తులసి తెంపని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ నియమం పాటించేవారు ముందు రోజు పగలే రెండు రోజులకు సరిపడా చివుళ్లు కోసి, తడిబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రాత్రి దగ్గు మొదలైనా ఇబ్బంది ఉండదు.

కాచే పద్ధతి

ఇద్దరు పెద్దలకు ఒక పూటకు కావలసినవి ఇవి: రెండు స్టీలు గ్లాసుల నీళ్లు, అంటే సుమారు 400 మిల్లీలీటర్లు, కడిగిన తులసి ఆకులు 20 నుంచి 25, బొటనవేలి మొదటి కణుపులో సగం ఉండే అల్లం ముక్క, మిరియాలు నాలుగు. మా వైపు కిరాణా కొట్లో ఒడియా యజమాని ఉంటే మిరియాలను గోలమరిచ అని, అల్లాన్ని అదా అని, తేనెను మహు అని అడగాలి. అల్లానికి బదులు శొంఠి వేసేవారు పావు చెంచా పొడి దాటకూడదు, శొంఠి అల్లం కంటే బాగా ఘాటు.

మొదట అల్లాన్ని చితక్కొట్టి, మిరియాలను కచ్చాపచ్చాగా నలిపి, స్టీలు గిన్నెలో నీళ్లతో కలిపి పొయ్యి మీద పెట్టాలి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలు వద్దు. నీళ్లు తెర్లిన తరువాత మంట తగ్గించి ఐదారు నిమిషాలు ఉంచితే గట్టి ద్రవ్యాలలోని సారం దిగుతుంది. ఆకులను అప్పటివరకు వేయకూడదు.

తరువాత ఆకులను చేత్తో తుంచి గిన్నెలో వేసి, వెంటనే మూత పెట్టి, సన్నని మంట మీద రెండు నిమిషాలు మాత్రమే ఉంచి పొయ్యి ఆపాలి. మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయాలి. మూత లోపలి వైపు చేరిన నీటి బొట్లను పారబోయకుండా గిన్నెలోకే జారనివ్వాలి, ఎగిరిన తైలంలో కొంత ఆ బొట్లలోనే ఉంటుంది. ఆయుర్వేదంలో గట్టి వేళ్లను, బెరళ్లను మరిగించి ఇంకించే క్వాథం వేరు, సుకుమారమైన ద్రవ్యాలను వేడినీటిలో నానబెట్టి తీసే ఫాంటం వేరు. మన గిన్నెలో అల్లం, మిరియాలకు మొదటి పద్ధతి, తులసికి రెండో పద్ధతి కలిపి వాడుతున్నామన్నమాట.

వడకట్టాక సుమారు 300 మిల్లీలీటర్లు మిగులుతుంది. సరిగా కాగితే రంగు లేత పసుపుపచ్చగా ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే తులసి వాసన తెలుస్తుంది, మింగినప్పుడు గొంతులో వెచ్చదనమే ఉంటుంది. ముదురు గోధుమరంగు తిరిగి, వాసన పోయి, నాలుక మీద చేదు మిగిలితే ఆకు అతిగా మరిగినట్టు. గొంతు నుంచి రొమ్ము మధ్య వరకు మండితే మిరియాలో శొంఠో ఎక్కువైనట్టు. అలాంటప్పుడు అంతే వేడినీళ్లు కలిపి పలుచన చేసుకోవచ్చు కాని, చేదెక్కినదాన్ని బెల్లం వేసి కప్పిపుచ్చడం వల్ల ప్రయోజనం లేదు.

తేనె కలిపేవారు కషాయం గోరువెచ్చగా అయ్యాక, తాగే కప్పులోనే ఒక చెంచా కలుపుకోవాలి. రెండో కప్పును ఫ్లాస్కులో పోసుకుంటే మళ్లీ మరిగించే పని ఉండదు. రాత్రికి మిగిలినది మరునాటికి ఉంచకూడదు.

గిన్నెలో వేయకూడనిది ఒకటి గట్టిగా చెప్పాలి. కొందరు ముక్కు తెరుచుకుంటుందని కర్పూరపు పలుకు వేస్తారు. కర్పూరం కడుపులోకి వెళితే చిన్నపిల్లలకు కొద్ది మోతాదే ఫిట్స్ తెప్పించగలదు, పూజకు అమ్మే బిళ్లలు తినడానికి తయారైనవి కావు. అతిమధురం వేసే అలవాటున్నవారిలో రక్తపోటు ఉంటే అది మానుకోవాలి. అది రక్తపోటును పెంచుతుంది, ఒంట్లో పొటాషియంను తగ్గిస్తుంది.

రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు

ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు సగం తయారీ, అంటే 150 మిల్లీలీటర్ల కప్పు, రోజుకు రెండుసార్లు చాలు. 2020లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన ఆయుష్ క్వాథ్ మిశ్రమంలో తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒక పాలు ఉంటాయి; ఆ పొడి మూడు గ్రాములను 150 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో కలిపి రోజుకు ఒకటి లేదా రెండుసార్లు తాగమన్నారు. అంటే అధికారికంగా చెప్పిన మోతాదు కూడా రెండు కప్పులు దాటలేదు. ఆ సంవత్సరంలో రోజుకు ఐదారుసార్లు తాగి, కడుపు మంట, నోటిపూత తెచ్చుకున్న బంధువులను నేను స్వయంగా చూశాను.

ఉదయం ఫలహారం తరువాత ఒక కప్పు, సాయంత్రం ఒక కప్పు అనే వరుస చాలామందికి సరిపడుతుంది. పరగడుపున తాగితే మిరియాలు, అల్లం కడుపును మండించే అవకాశం ఎక్కువ. పుల్లతేపులు, అల్సర్ ఉన్నవారు మిరియాలు పూర్తిగా మానేసి, ఒక్క కప్పుకు పరిమితం కావడం మేలు. ఐదు నుంచి ఏడు రోజులు తాగి ఆపేయాలి. జలుబు లేనప్పుడు నెలల తరబడి రోజూ తాగడాన్ని నేను సమర్థించను. అంత కాలం వాడినా క్షేమమని చెప్పడానికి కావలసినంత పరిశీలన జరగలేదు.

ఒకే గిన్నె, నలుగురు మనుషులు

మార్గశిరంలో మొదట మా వారికి జలుబు చేసింది. ఆయనకు నలభై దాటాయి, వేరే జబ్బులు లేవు. మొదటి రోజు గొంతు గరగర, రెండో రోజు ముక్కు కారడం, మూడో రోజు ముక్కు దిబ్బడ, తలభారం. రెండు పూటలా కప్పు చొప్పున ఇచ్చాను. నాలుగో రోజు నేను ఇంట్లో లేనప్పుడు తానే మిరియాలు రెట్టింపు వేసి, నీళ్లు సగానికి మరిగించి, అదనంగా రెండు కప్పులు తాగారు. ఆ రాత్రి రొమ్ములో మంటతో నిద్ర పట్టలేదు, పడుకుంటే పుల్లని నీరు గొంతులోకి వచ్చి దగ్గు ఇంకా పెరిగింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, కడుపులోని ఆమ్లం పైకి తన్నినా దగ్గు వస్తుంది, దాన్ని జలుబు దగ్గే అనుకుని మళ్లీ ఘాటైన కషాయం తాగితే మంట మీద నూనె పోసినట్టే. మరునాడు కషాయం ఆపి, గోరువెచ్చని నీళ్లు, మెత్తని అన్నం, పలుచని మజ్జిగ ఇచ్చాను. ఆరో రోజు నుంచి మిరియాలు లేని కప్పు ఒక్కటి, ఏడో రోజుతో ముగింపు. పొడి దగ్గు పన్నెండో రోజున పోయింది. మధ్యలో కఫం పసుపుపచ్చగా మారినందుకు ఆయన యాంటీబయాటిక్ కొంటానన్నారు. రంగు మారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరినట్టు కాదు, జ్వరం లేదు, ఆయాసం లేదు కాబట్టి వద్దన్నాను.

రెండోవారు మా మామగారు, డెబ్బై ఒకటో ఏడు, షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు. ఆయన విషయంలో అంతకుముందు ఏడాది నేను చేసిన తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. జలుబుతో నోరు సహించక రాత్రి భోజనం మానేశారు, మాత్ర మాత్రం వేసుకున్నారు, నేను పెద్ద గ్లాసుతో చిక్కని కషాయం ఇచ్చాను. రెండు గంటల తరువాత చెమటలు పట్టి, చేతులు వణికాయి. మీటరుతో చూస్తే చక్కెర 62 ఉంది. పంచదార నీళ్లు పట్టి, పావుగంట తరువాత మళ్లీ చూసి, అన్నం తినిపించాము. తినకుండా మాత్ర వేసుకోవడమే ప్రధాన కారణమని డాక్టరుగారు చెప్పారు. అయితే తులసి కూడా రక్తంలో చక్కెరను కొంత తగ్గించగలదని చిన్న అధ్యయనాలు చూపాయి కాబట్టి, షుగరు మందు వేసుకునేవారికి కషాయం తిండి తరువాతే ఇవ్వాలి, పలుచగా ఇవ్వాలి, ఆ రోజుల్లో చక్కెర ఎక్కువసార్లు చూడాలి. ఈసారి ఆయనకు ఉదయం ఇడ్లీ తిన్నాక సగం కప్పు, తేనె లేకుండా, ఐదు రోజులు ఇచ్చాను. ఏ ఇబ్బందీ రాలేదు.

గుండె జబ్బుకు రక్తం పలుచబడే మందులు, వార్ఫారిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడేవారి సంగతి ఇంకా సున్నితమైనది. యూజినాల్‌కు రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేసే గుణం ఉంది. వారు వైద్యుణ్ణి అడగకుండా కషాయం తాగకూడదు, శస్త్రచికిత్స ఉన్నవారు కనీసం రెండు వారాల ముందే మానేయాలి. మూర్ఛకు ఫెనిటోయిన్ వేసుకునేవారు మిరియాల కషాయానికి దూరంగా ఉండాలి, మిరియాల్లోని పైపెరిన్ ఆ మందు రక్తంలో చేరే మోతాదును పెంచుతుంది.

మూడోది మా అమ్మాయి, ఏడేళ్లది. పిల్లలకు తులసి కషాయం ఇంత ఇవ్వాలని నిర్ధారించిన మోతాదు లేదు. అందుకని మిరియాలు వేయకముందే ఆమె భాగాన్ని వేరే చిన్న గిన్నెలో, ఐదారు ఆకులు, కొద్దిపాటి అల్లంతో కాచి, పావు కప్పు, అంటే 40 మిల్లీలీటర్లు, రోజుకు ఒక్కసారే ఇచ్చాను. రాత్రి దగ్గుకు పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇచ్చాను. పిల్లల రాత్రి దగ్గుకు కషాయం కంటే తేనెకే ఎక్కువ ఆధారం ఉంది. ఏడాది నిండి ఐదేళ్ల లోపు వారికి అర చెంచా తేనె చాలు, కషాయం అవసరం లేదు. పిల్లలను మరిగే గిన్నె మీదకు వంచి దుప్పటి కప్పి ఆవిరి పట్టడం మాత్రం చేయవద్దు, గిన్నె ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం ఉంది.

నాలుగోది పురిటికి వచ్చిన మా ఆడపడుచు ఒడిలోని ఐదు నెలల బాబు. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేకపోతుంటే, ఎదురింటి పెద్దమ్మగారు ప్రేమతోనే తులసి రసంలో అడవితేనె రంగరించి నాకించమన్నారు. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా ఇవ్వకూడదు. తేనెలో ఉండగల బొటులిజం బీజాలు ఆ వయసు పేగుల్లో మొలిచి, కండరాలను చచ్చుబడేసే విషాన్ని తయారుచేస్తాయి. తేనెను వేడి చేసినా ఆ బీజాలు చావవు. ఆరు నెలల లోపు తల్లిపాలు తప్ప కషాయం, నీళ్లు ఏవీ వద్దు. డాక్టరుగారు రాసిన ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేసి, పాలు తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పట్టాము. పాలిచ్చే తల్లికి అల్లం వేడినీళ్లే ఇచ్చాను. గర్భిణులు కూడా మందు మోతాదులో తులసి తాగకపోవడం మంచిది. ప్రసాదంగా తీసుకునే రెండు ఆకుల గురించి భయపడనక్కరలేదు.

గిన్నె దించి ఆసుపత్రికి వెళ్లవలసినప్పుడు

మన గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో చలితో వణికించే జ్వరం వస్తే అది జలుబని అనుకుని కషాయంతో రోజులు గడపకూడదు. ఇది మలేరియా ఉన్న ప్రాంతం; ఆశా కార్యకర్త దగ్గర వేలి రక్తం బొట్టుతో చూసే కిట్ ఉంటుంది, అదే రోజు పరీక్ష చేయించుకోవాలి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. క్షయ ఉందేమో చూడడానికి అది తప్పనిసరి. కఫంలో రక్తం, ఛాతీ నొప్పి, ఆయాసం, మూడు రోజులు దాటిన జ్వరం ఉన్నా ఆగకూడదు.

పసిపిల్లల్లో ఊపిరిని లెక్కపెట్టడం ప్రతి ఇంట్లో నేర్చుకోవలసిన పని. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండు నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కించాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, లేదా ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే, అది న్యుమోనియా కావచ్చు. మా బాబుకు 44 వచ్చింది, డొక్కలు ఎగరేయడం లేదు, పాలు తాగుతున్నాడు. అందుకే పొద్దున దాకా ఇంట్లో ఆగి, తెల్లవారాక డాక్టరుకు చూపించాము. 50 దాటి ఉంటే ఆ రాత్రే ఆటో పిలిచేవాళ్లం.

నలుగురికీ వాడేసరికి మా కుండీలోని మొక్క దాదాపు బోడిదైంది. మొక్కను అలా దూయకుండా చివరి నాలుగు ఆకుల పైన తుంచి, పూత వెన్నులను ఎప్పటికప్పుడు తీసేస్తే కొత్త చివుళ్లు వస్తాయి. చలి ముదిరాక ఆకు చిన్నదై తగ్గిపోతుంది కాబట్టి ఆశ్వయుజంలోనే మిగులు ఆకును నీడన ఆరబెట్టి గాజు సీసాలో దాచుకోవాలి. పచ్చి ఆకులకు బదులు రెండు కప్పులకు ఒక చెంచా ఎండు ఆకు సరిపోతుంది, నలిపినప్పుడు లవంగపు వాసన రాకపోతే ఆ సీసా పారబోయాలి.